పై పేజీలో ఉన్న మాట

ఆమె సూపర్‌వైజరు తరఫు మనిషని టైపింగు గదిలో అందరూ అనుకునేవారు. ఎవరెన్ని పేజీలు కొట్టారో తొంగి చూసి, ఆయన చెవిలో వేస్తుందట. చాటుగా ఆమెను ‘సీసీ కెమెరా’ అనేవారు.

ఆ గదిలో పని, ఒక పాత ఆసుపత్రి రిజిస్టర్లను స్కాను చేసిన బొమ్మలు చూసి కంప్యూటరులోకి ఎక్కించడం. పేరు, వయసు, జబ్బు, ఇంటికి పంపిన తేదీ. చనిపోయినవాళ్ళకు తేదీ గడిలో అడ్డగీత ఉండేది, అంటే ఇంటికి వెళ్ళలేదని. ఖాళీ గడి అంటే రాసినవాడు రాయలేదని, అంతే. పైన ఉన్నదే కిందా అయితే రెండు చిన్న గీతలు. ఆ గీతల చోట పై మాటను మళ్ళీ పూర్తిగా కొట్టాలి. లేకపోతే పేర్లు అక్షరక్రమంలో పేర్చగానే ఏ గీత ఏ జబ్బుకో ఎవరికీ తెలియదు.

ఆ ఉదయం ఆమెకు వచ్చిన పేజీలో తేదీ గడులన్నీ అడ్డగీతలే, జబ్బు గడులన్నీ జంట గీతలే. మొదటి వరుస నుంచీ అంతే. దాని పై పేజీ పక్క సీటు పిల్లకు వెళ్ళింది.

ఆమె లేచి వెళ్ళింది. పిల్ల తెర ఆపేసింది.

“ఏం పిన్నీ, నా లెక్క రాసుకోడానికొచ్చావా?”

“కాదమ్మా. నీ పేజీలో కింద ఏముందో...”

“నీ పేజీ నువ్వు చూసుకో తల్లీ!”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకు ఏమీ అనిపించలేదు. చెంపలు వేడెక్కలేదు కూడా. భర్త పోయినప్పటి నుంచీ అంతే, లోపల ఏదో మొద్దుబారిపోయింది. ఇల్లు గడవడానికి ఈ ఉద్యోగం కావాలి, ఒప్పందం ఆ వారమే పొడిగించాలి. అది గుర్తుంది, అంతే.

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది.

“జ్వరం అని వేసేయండమ్మా,” అన్నాడు ఆయన తలెత్తకుండా. “పోయినవాళ్ళు లేచొచ్చి అడుగుతారా? ఇప్పటికే మీ పేజీలు తక్కువ.”

ఆమె తన సీటుకు తిరిగి వచ్చింది. అందరూ భోజనానికి వెళ్ళాక పిల్ల తెర వెలిగించింది. ఒక ఖాళీ వయసు గడిలో పిల్ల సున్నా కొట్టేసింది. ఎంత వయసు మనిషో గానీ, పసిగుడ్డు అయిపోయాడు. దాన్ని ముట్టుకోలేదు. బొమ్మలో చివరి వరుసలోనూ గీతలే. పైన కూడా. వేలు ఒక్కో గడీ ఎక్కుతూ పోయి, సగంలో ఒక మాట దగ్గర ఆగింది.

“దొరికావు పిన్నీ!” అంది పిల్ల గుమ్మంలోంచి.

సాయంత్రానికి అందరూ కలిసి ఫిర్యాదు ఇచ్చారు. సూపర్‌వైజరుకు గొడవలంటే గిట్టదు. పొడిగింపు జాబితాలో ఆమె లేదు. అది విని ఆమె తలూపి, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుంది. చేతులు వేరెవరివో అన్నట్టు వాటి పాటికి అవి కదిలాయి.

ఆమె వెళ్ళేముందు పూర్తిచేసిన ఆ పేజీలో ఒక్కరు కూడా జ్వరంతో పోలేదు. అందరూ కలరాతోనే పోయారు.