సుజన వ్యాసం సగమైన వైనం

సుజనకు అబద్ధమాడటం రాదు. నిజాన్ని నాలుగు పొగడ్తల మధ్య దాచి చెప్పడం మాత్రం బాగా వచ్చు. ఆర్టీసీ కండక్టరు ప్రేమ్‌రాజ్ కూతురు ఆమె. మలక్‌పేటలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ ఏళ్ల తరబడి పీహెచ్‌డీ చేసింది. థీసిస్ పూర్తయింది. దాని మీద గైడు విఠల్‌రావు గారి సంతకం పడాలి, నెలాఖరుకు గడువు ముగుస్తుంది. ఆ సంతకం లేకుంటే ఇన్నేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

విఠల్‌రావు గారు సామాన్యుడు కాదు. పురానాపూల్ దగ్గర బట్టలకు రంగులద్దే ఇళ్లలో ఆడవాళ్లు పాడుకునే పాటలు సేకరించి పుస్తకం వేసినవాడు. ఆ పాటల సారం ఓర్పు అని తేల్చినవాడు. సుజన తన థీసిస్‌లోంచి ఒక అధ్యాయం తీసి సెమినార్ సంచికకు మూడు వేల పదాల వ్యాసం రాసింది. ఆ పాటల్లో ఉన్నది ఓర్పు కాదు, హెచ్చరిక అన్నది ఆమె వాదన. అది ఎక్కడో ఏడో పేజీలో, గురువుగారికి వేసిన పొగడ్తల పూలదండల కింద ఉంది. ఆయన పైపైన చూసి "మంచిగుందమ్మా" అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

అంతలో సంపాదకుడి నుంచి కబురొచ్చింది. వ్యాసాలు ఎక్కువయ్యాయట, ప్రతి ఒక్కరూ పదిహేను వందల పదాలకు కుదించాలట.

ఆదివారం చర్చి నుంచి వచ్చి సుజన పనిలో కూర్చుంది. అందరూ చేసే తప్పే చేసింది. పేరాకు రెండు వాక్యాల చొప్పున గీకింది. "అయితే"లు, "కాబట్టి"లు ముందుగా పోయాయి. మిగిలినవి ఒకదానికొకటి మొహం తెలియని వాక్యాలు. సాయంత్రం తన సీనియర్ రమాబాయి మేడమ్‌కు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంది.

"కాయితం మూసెయ్. నీ వాదనేందో ఒక్క మాటల చెప్పు" అంది రమాబాయి.

సుజన చెప్పింది.

"ఆ మాటకు పనికిరాని పేరా ఎంత ముద్దొచ్చినా మొత్తం తీసెయ్. వాక్యాలు గీకుకుంట కూసోకు."

అలా చూస్తే పని సులువైంది. జానపద గేయాల చరిత్ర రెండు పేజీలు పోయింది. ఉదాహరణకిచ్చిన మూడు పాటల్లో రెండు పోయాయి. చివరి చరణం పదునుగా ఉన్న పాటనే ఉంచింది. "నా చేతి రంగు కడిగితే పోదత్తా, నీ ఇంటి నీళ్లన్నీ ఎర్రబడతయి" అనే కోడలి మాట అది. ముగింపులో మళ్లీ చెప్పిన మాటలు పోయాయి. పొగడ్తలు పోయాయి. ఒక్కోటి పోతున్న కొద్దీ వ్యాసం తేటపడింది, అడుగున దాచిన మాట పైకి తేలసాగింది.

అవతలి వాదం తీసేయడానికి వీల్లేదు. అది లేకుంటే తను ఎవరికి జవాబు చెబుతున్నట్టు? ఓర్పు అన్న విమర్శకులు నలుగురున్నారు. ముగ్గురు మొదటివాడి మాటనే తిప్పి రాశారు కనుక ఆ ముగ్గురూ పోయారు. మిగిలిన ఆ మొదటివాడు విఠల్‌రావు. ఆయన వ్యాఖ్యానం చివరి చరణానికి ముందే ఆగిపోయిందన్న తన వాక్యం ఇప్పుడు మొదటి పేజీలోనే కూర్చుంది. భయమేసి ఆయన పేరు తీసి "కొందరు" అని పెట్టి చూసింది. ఏ వ్యాఖ్యానం, ఎక్కడ ఆగింది అన్నదే లేకుండా పోయింది. వాదన కుప్పకూలింది. పేరు మళ్లీ పెట్టింది. పదాలు సరిగ్గా పదిహేను వందలకు సరిపోయాయి. వాదనలో ఒక్క పోగు కూడా తెగలేదు. అంత మంచి పని చేసి అంతగా వణికినవాళ్లు ఉండరు.

అచ్చుకు గైడు అనుమతి కావాలి. మర్నాడు ఆయన ఇంటికి వెళ్లింది. కోడలు మాన్య టీ తెచ్చి పెట్టి వెళ్లింది. విఠల్‌రావు గారు మొదటి పేజీ రెండుసార్లు చదివాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని సుజనకు అనిపించింది.

"పెద్దగున్నప్పుడు సమజ్ కాలేదమ్మా" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు మస్తు సాఫ్‌గున్నది."

వ్యాసం మీద సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు. సుజన దండం పెట్టి, థీసిస్ సంగతి అడిగింది. ఆయన బల్ల మీదున్న ఆ నాలుగు వందల పేజీల కట్టను దగ్గరికి లాక్కుని, పాటల అధ్యాయం దగ్గర తెరిచి, ఎర్ర పెన్ను మూత తీశాడు.

"దీన్ని గూడ గట్లనే సగం చేద్దాం. ఫికర్ చెయ్యకు, ఏది తీసెయ్యాల్నో నేను చెప్త."