గులేరు లేని టైరు

మా మామకు ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు వచ్చు. టి, వై, ఆర్, ఇ. అవి కూడా ఆ వరసలోనే రావాలి, వరస మారితే ఆయనకు రావు. పూణేలో టైర్ల దుకాణంలో పనిచేసిన రోజుల్లో, బోర్డు వెలిసిపోయినప్పుడల్లా సేటు రంగుడబ్బా చేతికిచ్చి పాత గీతల మీదే దిద్దమనేవాడట. ఆయన బడి అదే. నా చిన్నప్పుడు ఊరికి వచ్చినప్పుడు నాకూ నేర్పాడు. టి అంటే పందిరి గుంజ, వై అంటే పిట్టల్ని కొట్టే గులేరు, ఆర్ అంటే కాలు చాపిన ముసలోడు, ఇ అంటే దువ్వెన. తర్వాత బడిలో చేరితే ఇంగ్లీషుకు ఇంకా చాలా అక్షరాలున్నాయని చెప్పారు. టైరు అని రాయడం అయిపోయాక మిగతావన్నీ దేనికో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మామ ఇప్పుడు గోపాల్‌పేటలోనే ఉంటున్నాడు. ఆయనా అత్తా కలిసి టైరు చెప్పులు చేస్తారు. పాత లారీ టైర్లలో లోపల ఇనుప తీగె లేనివే ఏరుకొచ్చి మామ అడుగులు కోస్తాడు. తీగె ఉన్నదైతే ముందు కత్తి పోతుంది, తర్వాత వేలు పోతుంది. అత్త బూడిదరంగు మందపు గుడ్డతో పట్టీలు కుట్టి, రంధ్రాల దగ్గర చిరగకుండా చిన్న అల్యూమినియం రింగులు బిగిస్తుంది. సంతలో అమ్ముతారు. సంతలో అమ్ముడుపోనివి మా ఇంటిల్లిపాదీ తొడుక్కుంటాం. అందుకే మా ఇంటి ముందు చెప్పులు చూస్తే ఏదో సంఘం సమావేశం జరుగుతున్నట్టు ఉంటుంది.

చేతిపని వస్తువులు కొని అమెరికాకు పంపే హైదరాబాదు అక్క ఒకామె ఎక్కడో ఆ చెప్పులు చూసింది. ముందు ఒక పెట్టె పంపండి, అక్కడ నచ్చితే నెలనెలా తీసుకుంటాను అన్నది. నెలనెలా అన్న మాటకు అత్త ముఖం వెలిగిపోయింది. సంతనే నమ్ముకుంటే మామ మళ్లీ పూణే బస్సెక్కక తప్పదని ఆమెకు తెలుసు. పైకి మాత్రం, "అమెరికోళ్లకు చెప్పుల్లేవా ఏంది, పాపం" అన్నది.

ఒక్కో జతకూ దారంతో కట్టే అట్టముక్క, పెట్టెకు స్టిక్కరు కావాలన్నారు. నేను వనపర్తిలో ప్రింటింగు దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుంటాను. పెళ్లి కార్డుల్లో వధూవరుల పేర్లు తారుమారు కాకుండా చూడడం నా వృత్తి. అట్టముక్క నేనే తయారుచేసి ఆ అక్కకు ఫోన్లో పంపాను. అడుగు పాత టైరు, పట్టీ గ్రే, రింగులు అల్యూమినియం, అన్నీ ఇంగ్లీషులో, మన బళ్లో నేర్పినట్టే రాశాను.

ఆమె వెంటనే ఫోన్ చేసింది. "బాగుంది తమ్ముడూ. మూడు మాటలు మార్చు. టైర్‌లో వై తీసి ఐ పెట్టు. గ్రేలో ఇ కాదు, ఆ చోట ఏ రావాలి. అల్యూమినియంలో రెండో ఐ తీసెయ్."

"తప్పులా అక్కా?"

"తప్పు కాదు, ఇక్కడైతే నువ్వు రాసిందే రైటు. అక్కడివాళ్లు నేను చెప్పినట్టు రాసుకుంటారు. మనది చూస్తే ప్రింటు తప్పు పోయిందనుకుంటారు. పైగా అక్కడ వెబ్‌సైట్‌లో ఎట్లా ఉందో పెట్టె మీదా అట్లాగే ఉండాలి."

మార్చాను. కంప్యూటరుకు ఏ బాధా లేదు. ఒక నమూనా కొట్టి సాయంత్రం గోపాల్‌పేట తీసుకెళ్లాను.

మామ చేతులు తుడుచుకుని అట్టముక్కను పెళ్లిపిల్ల ఫోటో పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వెతికాడు.

"గులేరు ఏడున్నది అల్లుడా?"

"తీసిన్రు మామా. అమెరికాల గులేరు లేకుండనే రాస్తరట."

"గట్లెట్ల రాస్తరు? టైరంటే టైరే గద."

"వాళ్ల టైరు గూడ గుండ్రంగనే ఉంటది. రాసుడే వేరే."

మామ అట్టముక్కను పక్కన పెట్టి మళ్లీ కత్తి అందుకున్నాడు. కాసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు. "అది కట్టకు. ఉత్తగనే పంపియ్."

"అట్ట లేకుంటే తీసుకోరు మామా."

"నా చేతి పని మీద నేను సదువుకునే మాట ఒక్కటన్న ఉండొద్దా?"

ఇలాంటి చోట నాకు నోరు ఊరుకోదు. "తొడుక్కునేటోడు నువ్వు సదివినవా అని అడగడు గద మామా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా మాటకు నవ్వకపోవడం ఆ ఇంట్లో అరుదు.

బయటికి వెళ్లి ఆ అక్కకు ఫోన్ చేశాను. రెండు రకాలూ వేస్తే ఏమవుతుందని అడిగాను. మామ సంగతి కూడా చెప్పాను. "ఒకే అట్ట మీద రెండు రకాలుంటే తప్పుందనే అనుకుంటారు తమ్ముడూ. కావాలంటే వెనక వైపు తెలుగులో వేసుకోండి, నాకేం ఇబ్బంది లేదు" అన్నది.

లోపలికి వచ్చి చెప్పాను. "ఎనక తెలుగుల ఎయ్యమంటుంది మామా."

"తెలుగు నాకేడ వస్తది?" అన్నాడు.

అదీ నిజమే. ఆయన చదివిన బడిలో తెలుగు లేదు.

ఈలోగా అత్త అట్టముక్కను తీసుకుంది. వాదించేవాళ్లు వాదించుకోనీ, దారం ఎక్కడ కట్టాలో చూడాలి కదా అన్నట్టు ఒక చెప్పు ఒళ్లో పెట్టుకుంది. రింగుకు కట్టి చూసింది, జారింది. పక్క పట్టీకి కట్టి చూసింది, వేలాడింది. బొటనవేలు దూరే చోట, పట్టీ రెండుగా చీలే దగ్గర ముడి వేస్తే నిలిచింది. సరిగ్గా కూర్చుందో లేదో చూడడానికి వేళ్ల వైపు కిందికి చేసి ఎత్తి పట్టుకుంది. అట్లాగే ఉండిపోయింది.

"ఏమయ్యా, గిటు సూడు."

మామ చూశాడు.

"గులేరు, గులేరు అంటివి. గిదేంది?"

కింద ఒక పిడి, పైన రెండు కొమ్మలు. ఇన్నేళ్లు అత్త చేత్తో కుట్టింది అదే. మామ చెప్పును తన చేతిలోకి తీసుకుని, దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. పట్టీ మీద వేలితో ఒకసారి దిద్దాడు, పూణే బోర్డు మీద దిద్దినట్టు.

"మాటల నుంచి తీసిన్రు గని, చెప్పుల నుంచి తియ్యలేకపోయిన్రు" అన్నాడు.

"తీస్తే కాలుకు ఆగదు మామా" అన్నాను.

ఈసారి నవ్వారు. అత్త కొంచెం ఎక్కువ నవ్వింది, కళ్లు కూడా తుడుచుకుంది. కుట్టుగుడ్డ దుమ్మని చెప్పింది. నేను నమ్మినట్టే ఉన్నాను.

ఆ పెట్టెలోని అట్టలన్నీ మామే కట్టాడు. ఒక్కటి కూడా మమ్మల్ని ముట్టనివ్వలేదు. ముడి చీలిక దగ్గరే పడాలి, పక్కకు జరిగితే విప్పి మళ్లీ కట్టేవాడు. అమెరికాలో వాటిని విప్పేవాళ్లకు గోళ్లు ఉండాలని నేను మనసులో మొక్కుకున్నాను. వై ఉన్న పాత అట్ట ఒకటి మాత్రం నాతో కొట్టించుకుని తన సొంత చెప్పుకు కట్టుకున్నాడు. అది ఇప్పటికీ ఉంది. నడుస్తుంటే మట్టిలో ఈడ్చుకుంటూ పోతుంది.

పెట్టె కొరియరుకు ఇచ్చి వచ్చిన రోజు, నాకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

"గులేరు తీసి ఏం పెట్టిన్రన్నవ్?"

"ఐ."

"ఎట్లుంటది?"

"ఉత్త కట్టె మామా. గులేరు కొమ్మలిరిస్తే మిగిలిన పిడి."

సుద్దముక్క తీసుకుని పక్కనున్న టైరు ముక్క మీద రాశాడు. పందిరి గుంజ, కట్టె, ముసలోడు, దువ్వెన. తల వాల్చి చూసుకున్నాడు.

"ఇగ నాకు అయిదొచ్చినయ్" అన్నాడు.

ఆ అక్క రెండో పెట్టె అడిగితే అల్యూమినియం రాయడం కూడా నేర్పుతానన్నాను.

చాయ్ ఒక గుటక తాగి, "ఏ దేశంది?" అన్నాడు.