మద్దిలేటికి ఎందుకంత తొందర

పాన్‌గల్‌లో మా ఇంటి ముందు గదిని అర్చనకు అద్దెకిచ్చి ఎనిమిదేళ్ళయింది. తెలుగు పంతులుగా రిటైరయ్యాక ప్రశాంతంగా పేపరు చదువుకుందామనుకున్నాను. ఆ గదిలో ఆమె కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుడుతుంది. పొద్దున్నుంచి సుత్తి చప్పుడే. పేపరు సంగతి దేవుడెరుగు, ఆ గది కబుర్లే నాకు పేపరయ్యాయి.

అర్చనకు ముప్పై నాలుగేళ్ళు. ఈ పని తండ్రి దగ్గర నేర్చింది. ఆయన పోయాక షాపు మూసేస్తుందని ఊరంతా అనుకుంది. ఆమె బోర్డు మీద తండ్రి పేరు తీసేసి తన పేరు రాయించింది. రైతు మోటారు దింపగానే, "ఎన్నిసార్లు చెప్పాలె, వోల్టేజీ లేనప్పుడు స్టార్టర్ నొక్కొద్దని? చెవుల దూది పెట్టుకున్నవా?" అని మొదలుపెడుతుంది. తిట్లు తిన్నవాడే మళ్ళీ ఆమె దగ్గరికే వస్తాడు, ఎందుకంటే ఆమె చుట్టిన మోటారు తొందరగా కాలదు. ఇంట్లో ఆమెతో ఉండేది తల్లి హన్మమ్మ ఒక్కతే, కంటి ఆపరేషన్ అయినా ఆమెకు చూపు సరిగా ఆనదు.

మద్దిలేటిది అమరచింత దగ్గర పల్లె. ఐదెకరాల రైతు, ముప్పై ఏడేళ్ళ బ్రహ్మచారి. వ్యవసాయం చేసేవాడికి పిల్లనివ్వడం మా పాలమూరు వైపు ఎప్పుడో మానేశారు, కాబట్టి అది అతని తప్పేమీ కాదు. రెండేళ్ళ కిందట పాన్‌గల్‌లో అక్కను చూడడానికి వచ్చి, పనిలో పనిగా మోటారు తెచ్చాడు. ఆ తర్వాత దారిలో ఆత్మకూరు, కొత్తకోట, వనపర్తిలోని షాపులన్నీ దాటుకొని ఇక్కడికే తేవడం మొదలుపెట్టాడు. ఒకసారి అసలు కాలని మోటారు తెచ్చాడు. అర్చన మీటరు పెట్టి చూసి, అతని ముఖం చూసి, నోరు మూసుకొని బేరింగులు మార్చి పంపింది. హన్మమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు వనపర్తి దవాఖానాలో రెండు రోజులు ఉన్నదీ అతనే. అయినా రెండేళ్ళలో పెళ్ళి మాట ఒక్కసారి ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని నేను తలుపు పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నది దండగే అయింది.

అలాంటివాడు మొన్న కార్తీకంలో ఒకే వారంలో నాలుగుసార్లు అడిగాడు. రెండుసార్లు ఫోన్లో, ఒకసారి షాపులో, ఇంకోసారి వాళ్ళక్కతో అడిగించి.

నేను సంతోషపడ్డాను. అర్చన పడలేదు.

"సార్, రెండేండ్లు మాట్లాడనోనికి ఉన్నట్టుండి గింత తొందరేంది?" అంది.

"ప్రేమ ముదిరిందేమో."

"ముదిరితే నా గురించి మాట్లాడతడు గద. మాఘంల చేసుకుందామంటడు, తర్వాత మూఢమంటడు, అమ్మ ఏడుస్తుందంటడు, ముప్పై ఏడు నిండుతున్నయంటడు. షాపు ఏం జేస్తవ్, మీ అమ్మను యాడ ఉంచుదాం, గీ ముచ్చట ఒక్కపారన్న అడగలే. అన్నీ ఎప్పుడు, ఎప్పుడు. ఎట్ల అనేదే లేదు."

ఆమె అడిగితే అతను దాచకుండా చెప్పాడు. అతని తమ్ముడు సాయితేజ హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి కల్వకుర్తి సంబంధం కుదిరింది. పిల్ల తరఫువాళ్ళు మాఘం దాటితే ఆగమన్నారు. పెద్దవాడుండగా చిన్నవాడికి పెళ్ళి చేస్తే అరిష్టమని తల్లి నర్సమ్మ పట్టు. అంటే పెద్దవాడు రోడ్డుకు అడ్డం పడిన లారీ, వెనుక చిన్నవాడి బండి హారన్ కొడుతోంది.

"నేనొద్దంటే ఏం జేస్తవ్?" అని అడిగింది.

"అమ్మ నాగర్‌కర్నూల్ కాడ ఒక పిల్లను చూసిరమ్మన్నది. పోయొచ్చిన," అన్నాడు మద్దిలేటి.

"పోయొచ్చినవా?"

"అమ్మ రెండు దినాలు అన్నం తినలే. ఏం జేయాలె? చాయ్ తాగి వచ్చిన. అవునని చెప్పలే, కాదని చెప్పలే."

ఆ రోజు అర్చన మూడు మోటార్లు విప్పి ఒక్కటీ బిగించలేదు. సాయంత్రం నేను చాయ్ తీసుకెళ్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు మద్దిలేటి మీద చెడ్డ కోపం వచ్చింది. అంత నిజాయితీ ఎవరడిగారు వాణ్ని?

"నా జాగల ఆ పిల్ల కూసున్నా సరిపోతది సార్ వాళ్ళకు. మాఘంల ఎవరో ఒకరు పీట మీద ఉండాలె, అంతే."

"మరి కాలని మోటారు తెచ్చింది? దవాఖానాలో ఉన్నది?"

"అదే గద పరేషాన్. ఇష్టం లేదని గాదు. ఇష్టమెంతో, అమ్మ ఏడుపెంతో తెలుస్తలేదు. రెండు కలిసినయి. మోటరు ఎక్కువ కరెంటు గుంజుతుందనుకో, దోషం దాంట్లో ఉందో పైన లోడుల ఉందో తెల్వాలంటే ఏం జేస్తం? లోడు తీసి ఉత్తగ తిప్పి చూస్తం."

"మనిషికి లోడు ఎలా తీస్తావు? వాడు అన్న కాకుండా పోతాడా?" అన్నాను. నోరు ఊరుకోక, "ఏ జిల్లేడు చెట్టుకో కట్టబెడితే పెద్దవాడి పెళ్ళి అయినట్టే లెక్క. మూడో పెళ్ళివాళ్ళకు చేస్తారు కదా, ముందు జిల్లేడుతో," అని పరాచికమాడాను.

పరాచికం చేతిలో సుత్తి ఉన్న మనిషితో ఆడకూడదు. ఆదివారం పొద్దున్నే నన్ను వెంటేసుకొని అమరచింత బస్సెక్కింది.

నర్సమ్మ కంది కాయలు ఒలుస్తున్నదల్లా ఎదురొచ్చింది. కోడలు కాబోయే పిల్ల తనంతట తాను రావడం చూసి, లగ్గానికి ఒప్పుకుందనుకొని ముఖం విప్పారింది.

"పెద్దమ్మా, నీ పెద్దకొడుక్కు సంబంధం తెచ్చిన," అంది అర్చన. "పిల్ల పచ్చగుంటది. నోట్ల నాలుక లేదు. ఎండకు ఓర్చుకుంటది."

"ఎవరి పిల్ల బిడ్డా?"

"మీ చేను గట్టు మీదిదే. జిల్లేడు."

నర్సమ్మ చేతిలో కాయలు జారిపోయాయి. ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత కల్వకుర్తి వాళ్ళ గడువు గుర్తొచ్చి పెళ్ళిళ్ళు చేయించే పంతులును పిలిపించింది. పంతులు గడ్డం గోక్కొని, "ఇది మూడో పెండ్లికి చేసేది. మొదటిదానికి చేసుడు నేను విన్లే. కానీ చేయొద్దని కూడ యాడ లేదు. ఆదివారం మంచిది," అన్నాడు. మద్దిలేటి మాత్రం అర్చన వైపే చూస్తున్నాడు.

"నేనంటే వద్దా నీకు?" అన్నాడు మెల్లగా.

"కావాలె. అందుకే చేస్తున్న. తమ్ముని లగ్గం కానీయి. ఇగ నిన్ను ఎవరు అడగరు. అప్పుడు గూడ నీకు నేను కావాలనిపిస్తే రా. అనిపించకుంటే రాకు. నేనేమనుకోను."

ఏమనుకోనన్నది శుద్ధ అబద్ధం. తిరుగు బస్సులో వనపర్తి దాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మార్గశిరంలో ఒక ఆదివారం మద్దిలేటి గట్టు మీద కూర్చొని, జిల్లేడు కొమ్మకు పసుపుదారం కట్టాడు. పక్క చేలవాళ్ళు వచ్చి అక్షింతలు వేశారు. కొత్త కోడలిని కంచె మీది నుంచి మేక నమలబోతే నర్సమ్మ చెప్పు విసిరింది. మాఘంలో కల్వకుర్తిలో సాయితేజ పెళ్ళి వైభవంగా జరిగింది. నేనూ అర్చనా పోయాం. మద్దిలేటి మా వరసలో పప్పు వడ్డించాడు, అర్చన విస్తట్లో రెండు గరిటెలు వేశాడు, ముందుకు పోయాడు.

అంతే. ఆ తర్వాత ఫోను లేదు, మనిషి లేడు.

పది రోజులు అర్చన ఎప్పటిలాగే రైతులను తిట్టింది. ఇరవై రోజులకు తిట్లు తగ్గాయి, నాకు భయం మొదలైంది. యాసంగి పంటకు మోటార్లు వరసగా కాలుతున్న కాలం, షాపు ముందు ఆటో ఆగితే చాలు తలెత్తి చూసేది. దిగిన మనిషి ఎవడైనా సరే, వాడి మీద చిరాకు పడేది.

"పోనీ నువ్వే ఫోన్ చెయ్యి," అన్నాను ముప్పయ్యో రోజున.

"చేస్తే మళ్ళ లోడు వెట్టినట్టే సార్. మొన్నటిదాక వాళ్ళమ్మ, ఇప్పుడు నేను." మళ్ళీ తనే అంది, "నా చేతులార పోగొట్టుకున్ననేమో. అందరు గట్లనే చేసుకుంటరు గద. అమ్మ ఏడ్చిందనో, వయసు మీదవడ్డదనో. చేసుకున్నంక కలిసే ఉంటరు. నాకే ఎందుకీ కొలతలు?"

నా పెళ్ళి కూడా మా తాత మంచం పట్టాడని వారంలో చేశారు. నలభై రెండేళ్ళయింది. మా ఆవిడకు నేనంటే ఇష్టమా అని ఇప్పుడు అడిగే ధైర్యం నాకు లేదు.

నలభై రోజులు దాటాక ఒక మంగళవారం మద్దిలేటి వచ్చాడు. ఆటో లేదు, మోటారు లేదు. బస్సు దిగి నడిచొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను తలుపు పక్కన నా కుర్చీలోకి చేరాను.

"నిజం జెప్త. కోపం చేయకు," అన్నాడు. "తమ్ముని లగ్గమైనంక పదిహేను దినాలు మస్తు నిమ్మళమనిపించింది. అమ్మ ఏడుస్తలేదు, ఎవరు అడుగుతలేరు. లగ్గమే వద్దనిపించింది. నువ్వన్నది నిజమే, ఆ తొందర నాది గాదు."

అర్చన చేతిలో తీగ ఆగిపోయింది. "గీ మాట చెప్పనీకి గింత దూరం వచ్చినవా?"

"ఇంకోటి అడగనీకి వచ్చిన. షాపు ఇడుస్తవా?"

"ఇడువ."

"అనుకున్న. మీ అమ్మను ఆడికి తెచ్చుకుందామంటే ఆమెకు ఆ ఇల్లు కొత్త, చూపు ఆనదు, పడుతది. అందుకే వారంల నాలుగు దినాలు నేను ఈడ, నీళ్ళు కట్టేటప్పుడు మూడు దినాలు ఆడ. పక్క చేను లక్ష్మణ్ చూసుకుంటనన్నడు. గీ నెల అంత గదే ఆలోచన చేసిన."

తలుపు పక్కన నేను కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాను. ఏళ్ళు గడిచినా కొందరు భర్తలు ఇంత ఆలోచించరు.

"ఎప్పుడంటవ్?" అంది అర్చన.

"ఎప్పుడన్న సరే. నాకు తొందర లేదు."

ఇన్ని నెలలు ఆ మాట కోసమే ఆమె అంత నాటకం నడిపింది. తీరా అది చెవిన పడగానే చేతిలోని తీగచుట్ట బల్ల మీద కొట్టింది. "నీకు లేకపోతే పాయె. నాకుంది తొందర."

మద్దిలేటి బెదరలేదు. తలెత్తి నింపాదిగా అడిగాడు. "నీ తొందర నా మీదనా, ముప్పై నాలుగేండ్ల మీదనా?"

పాపం, అడగాల్సిన ప్రశ్నే. అర్చన తీగచుట్ట పక్కకు నెట్టింది.

"ముప్పై నాలుగు గూడ ఉంది. లేదంటే అబద్ధమే. కానీ గదొక్కటే అయితే పోయినేడు కొత్తకోట సారు సంబంధం వచ్చినప్పుడే చేసుకుంటుంటి. నువ్వు రాని ఈ నలభై దినాలు నాకు అన్నం దిగలే మద్దిలేటీ. నాకు తెలిసింది గంతే."

"నాకు దిగింది," అన్నాడు మద్దిలేటి సిగ్గుపడుతూ. "అబద్ధమెందుకు, మంచిగనే తిన్న. తింటుంటే మీ అమ్మకు ఎవరు పెడుతున్నరో, నువ్వు తిన్నవో లేదో అని యాదికొస్తుండె. ఎవరన్న గుర్తు చేస్తే గాదు. ఉత్తగనే."

అర్చన ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. చేతికున్న గ్రీసు చెంపకంటుకుంది.

"గంత సాలు," అంది.