తుడిచేసిన మెసేజి

ధర్మవరం నేతగాడు ఓబులేసు ఫోన్‌లో ఉన్నది అసలు వాట్సాప్ కాదు. అవతలివాళ్లు తుడిచేసిన మెసేజీలను కూడా దాచి చూపించే దొంగ వాట్సాప్. పోయినేడు ఒక రాత్రి అనంతపురం ఆసుపత్రి నుంచి భార్య జ్యోతిలక్ష్మి "భయమైతాంది, రా" అని పంపి, నిమిషంలోనే తుడిచేసింది. తనే తుడిచింది కదా, అంత తొందరేం లేదులే అనుకుని, ఓబులేసు మగ్గం మీది చీర కొంగు ముగించి పొద్దున్నే వెళ్లాడు. అప్పటికే ఆమె పోయింది. ఆనాటి నుంచి ఆ రెండు మాటలే రోజూ తెరిచి చూసుకునేవాడు.

ఇప్పుడు తెరిస్తే, నంబరును తాత్కాలికంగా నిషేధించామన్న మాట, కింద తరిగిపోతున్న గంటలు. చీరల డిజైన్లన్నీ వచ్చేది ఆ నంబరుకే.

"ఇది తీసేసి అసలుది వేసుకోవాలన్నా," అంది ఫోన్ల అంగడి పద్మప్రియ. "ఆ టైము అయిపోతే నంబరు తిరిగొస్తాది. మళ్లా ఇదే వాడితే శాశ్వతంగా పోతాది."

"మరి దీంట్లో మెసేజీలు?"

"దాంట్లోకి రావన్నా."

"మంటబెట్టు నీ అసలుది!" అని అరిచాడు. కాసేపటికి ఫోన్ లాక్కుని, తీసేసే మీట తనే నొక్కాడు.

మరునాడు నంబరు తిరిగొచ్చింది. జ్యోతిలక్ష్మి పేరు కింద ఒక్క అక్షరం లేదు. ఆ రోజు ఆమె కోరుకున్నట్టే.