రెండు పేజీల కాగితం, అమావాస్య మేత

భీమవరం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఆక్వాకల్చర్ చెబుతాను. ప్రాజెక్టు చేయబోయే మూడో ఏడాది పిల్లలకు ఏటా రెండు పేజీల హ్యాండవుట్ జిరాక్స్ తీయించి పంచేవాణ్ని. పరీక్షించి తేల్చగల ప్రశ్న ఎలా అడగాలి, వేరియబుల్స్ ఎలా ఎంచుకోవాలి అన్నది అందులో విషయం. నేనే రాసుకున్నాను కాబట్టి అదంటే నాకు కాస్త ముద్దు ఎక్కువే.

"రొయ్యలు ఎందుకు చచ్చిపోతున్నాయి?" అని ఎవరైనా రాసుకొస్తే, అది ప్రశ్న కాదు, ఏడుపు అని కాగితం వెనక్కిచ్చేసేవాణ్ని. దేన్ని బట్టి ఏది మారుతుందో చెప్పాలి. మారేదాన్ని కొలవగలగాలి. మిగతావి మారకుండా చూసుకోవాలి. ఉదాహరణ కూడా మా చెరువుల నుంచే తీసుకున్నాను. అమావాస్యకి రొయ్య పెంకు విడుస్తుందనీ, ఆ రోజు సరిగా తినదనీ మా రైతులు అంటారు. నిజమో కాదో చూడాలంటే, అమావాస్యా మామూలు రోజా అన్నది ఒక వేరియబుల్. రొయ్య ఎంత తిందో తెలుసుకోవడానికి నీళ్లలోకి దించే పళ్లేన్ని చెక్‌ట్రే అంటారు. మేత వేసిన రెండు గంటలకి అందులో మిగిలింది ఆరబెట్టి తూస్తే, ఆ బరువు రెండో వేరియబుల్. చెరువు, ట్రే, మేత వేసే వేళ మారకూడదు.

పిల్లలు చాలామంది ఆ ఉదాహరణనే ప్రాజెక్టుగా చేసేసేవారు. అమావాస్య నాడు ట్రేలో మిగిలేది తక్కువేనని ప్రతిసారీ తేలేది. రొయ్యకి తిథులు తెలియవని క్లాసులో నవ్వించేవాణ్ని. రైతుల అమాయకత్వం మీద నాలుగు మాటలు కూడా అనేవాణ్ని.

పోయిన ఏడాది ఒక అమ్మాయి రికార్డు చూస్తుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్ల నాన్న ఎవరిదో చెరువు మీద మేత వేసే పనిలో ఉన్నాడు. ఆమె మూడు అమావాస్యల కొలతలు రాసింది, అంతవరకు బాగానే ఉంది. ప్రతి అమావాస్య తరవాత ఒక మామూలు రోజు ఎంచుకుని, పొద్దుటి మేత సగమే వేయించి కొలిచింది. పైగా జవాబు తలకిందులుగా వచ్చింది. హ్యాండవుట్ ప్రకారం లేదు, మళ్లీ చేయండి అని ఎర్ర సిరాతో రాసేశాను.

మర్నాడు స్టాఫ్ రూమ్‌కి వచ్చి నిలబడింది. చెరువులో సరుకంతా పట్టేశారట, మళ్లీ చేయడానికి రొయ్య లేదు. ప్రాజెక్టు మార్కులు పడకపోతే ఈ ఏడాదికి డిగ్రీ చేతికి రాదు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది వాళ్ల అక్కా, తనూ. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి గానీ మాట వణకలేదు.

"అమావాస్య నాడు మేత సగమే వేస్తారండి. ట్రేలో కూడా సగమే పడుతుందండి. మిగిలేది తక్కువ కాక ఏమవుద్దండి?"

నా హ్యాండవుట్ తీసి చూసుకున్నాను. ఒకేలా ఉంచాల్సినవాటి కింద చెరువు రాశాను, ట్రే రాశాను, వేళ రాశాను. వేసే మేత ఎంతో రాయలేదు. అమావాస్యకి ఇక్కడ మేత తగ్గిస్తారని నాకు తెలియదా? నేను పుట్టింది ఈ చెరువుల మధ్యే.

అమావాస్య నాడు నిండు మేత వేయమని ఆమె ముందు చెరువు ఆసామిని అడిగిందట. చెరువు పాడవుతుందని ఆయన ఒప్పుకోలేదు. అందుకని మామూలు రోజునే సగానికి దించింది. ఒక్క పూటే కాబట్టి దానికి ఆయన సరేనన్నాడు. రెండు రోజులూ ఒకే మేత. మామూలు రోజు ట్రే శుభ్రంగా ఉంది, అమావాస్యకి మాత్రం కొంత మిగిలింది. మూడు అమావాస్యలే, ఒక్క చెరువే, దీన్ని బట్టి అన్ని చెరువుల సంగతీ చెప్పలేం అని చివర తనే రాసుకుంది. కోపంలో నేను అంతదాకా చదవనేలేదు.

ఎర్ర సిరా కొట్టేసి సంతకం పెట్టాను. మంచి మార్కులే వేశాను. తప్పు నాదమ్మా అన్నాను. తరవాత, ఆ మాట అన్న ధైర్యంతో కాబోలు, ఇన్నేళ్లలో ఇంతమంది చెరువుల పిల్లలు వచ్చారు, ఈ సంగతి ఒక్కరైనా నాతో చెప్పలేదేంటి అని అడిగాను. కాస్త నిష్ఠూరంగానే అడిగాను.

ఆమె రికార్డు గుండెకి ఆనించుకుంది.

"మా అక్క చెప్పిందంటండి. మీరు కాగితంలో ఉన్నట్టు చెయ్యమన్నారంటండి."

ఏ ఏడాది అని అడిగాను, చెప్పింది. ఆ ఏడాది గ్రూపు ఫొటో స్టాఫ్ రూమ్ గోడ మీదే ఉంది. ఆమె వెళ్లాక దగ్గరికెళ్లి చూశాను. మూడు వరసల పిల్లలు. వాళ్లలో ఆ అక్క ఎవరో పోల్చుకోలేకపోయాను.