సీనియర్ రాసిన లూపు

ప్రతి మంగళవారం జరిగే కంప్యూటర్ ఆర్కిటెక్చర్ ల్యాబులో అతన్ని అందరూ సీనియర్ అనేవాళ్లు. గౌరవంతో కాదు. తోటివాళ్లంతా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఇతను మాత్రం ఈ ఒక్క ల్యాబు మూడుసార్లు తప్పి, తనకన్నా మూడేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. మైక్రోప్రాసెసర్ కిట్‌కి ఇద్దరు చొప్పున పిల్లలు చేరితే, అతనిది కిటికీ దగ్గర ఒంటరి కిట్. ఒకసారి నేనే ఒకణ్ణి తెచ్చి జత చేశాను. వాడు పది నిమిషాలకే లేచి స్నేహితుల దగ్గరికి పోయాడు. నాకు ఒళ్లు మండింది. ల్యాబు అసిస్టెంటుని, స్నేహాలకి కూడా మార్కులు వేయలేను కదా!

నాలుగోసారి పరీక్ష. ఇదే ఆఖరి అవకాశం, పోతే డిగ్రీ లేదు. మెమరీలో వరసగా ఉన్న అయిదు అంకెలు కూడాలి. ప్రాసెసర్‌లోని ఒక రిజిస్టరులో అయిదు వేసుకుని, అంకె కూడినప్పుడల్లా ఒకటి తగ్గించి, సున్నా కాకపోతే కూడే చోటికి వెనక్కి దూకాలి. అతను కాగితం మీద రాసుకుని, కోడ్‌ల పట్టీ చూసి వాటిలోకి మార్చి, కీప్యాడ్ మీద ఒక్కొక్కటే నొక్కాడు. రన్ చేశాడు. డిస్‌ప్లేలో E అక్షరం వచ్చి అలాగే ఉండిపోయింది. ప్రోగ్రాం ఆగడం లేదు.

వెనకనుంచి నాకు తప్పు కనిపించింది. దూకాల్సిన చిరునామా 2006. ఇతను 2000 ఇచ్చాడు. నోరు విప్పితే నా ఉద్యోగానికే ఎసరు. మిగతావాళ్లు ఒక్కొక్కరే ముగించి వెళ్లిపోయారు. ఎగ్జామినర్ గడియారం చూసుకుంటున్నారు.

అతను రీసెట్ చేసి, ఒక్కో అడుగే నడిపిస్తూ రిజిస్టరు చూడసాగాడు.

"అయిదు... నాలుగు... మళ్లీ అయిదా?"

పక్కనున్న ఖాళీ స్టూలు వైపు తిరిగాడు. "చూశావా, అయిదు వేసే చోటికే పోతోంది. మొదటికొచ్చేస్తోంది!" అన్నాడు.

అక్కడ ఎవరూ లేరు.

ఒక్క బైటు మార్చాడు, 00 తీసి 06. ఈసారి ఆగింది. జవాబు చోటు తెరిస్తే 19.

"మూడూ ఏడూ రెండూ తొమ్మిదీ నాలుగూ, ఇరవై అయిదు కదయ్యా. పంతొమ్మిదేంటి?" అడిగారు ఎగ్జామినర్.

"హెక్సాలో సార్. ఒక పదహారు, మీద తొమ్మిది."

"బాగుంది. పాస్, వెళ్లు."

పరిగెత్తుకుపోతాడనుకున్నాను. కిట్ వైర్లు చుట్టి, కాగితాలు సర్ది, నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మేడం, మంగళవారాలు ఊరికే వచ్చి కూర్చోవచ్చా?"

శుభవార్త చెబుతున్నాననుకుని నవ్వాను. "ఇంక రావక్కర్లేదు బాబూ, హాజరుపట్టీలోంచి నీ పేరు తీసేస్తాను."

"సరేనండీ" అన్నాడు. అతని మొహం చూశాకగానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు.