తెర వెనక గొంతు

ఆ వార్డులో ఆవిడని అందరూ మిరపకాయ సిస్టరు అంటారు. ఎదురుగా అనరు, అనే ధైర్యం ఎవరికుంది కనక! ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "గుమ్మడికాయ అనలేదు, అదే పదివేలు" అని ఊరుకుంటుంది. మనిషి పొట్టి, నడక పరుగు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం డాక్టర్ల మీదికి వెళ్తుంది, ఆయాల మీదికి వెళ్తుంది, చూడ్డానికొచ్చిన చుట్టాల మీదికి వెళ్తుంది. రోగి మంచం దాకా మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. మంచం దగ్గరికి రాగానే ఆవిడ గొంతు సగానికి తగ్గిపోతుంది.

మానసిక వైద్యశాలలో ఆడవాళ్ళ వార్డు అది. అక్కడ ఆవిడ మాటే శాసనం. రోగుల ముందు గుసగుసలాడకూడదు, తమ గురించే అనుకుంటారు. కారణం చెప్పకుండా పకపకా నవ్వకూడదు. చెప్పకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. అన్నింటికన్నా పెద్దది, అబద్ధం ఆడకూడదు. చిన్నదైనా సరే, మంచికైనా సరే. కొత్తగా వచ్చిన ఆయా ఒకసారి ఎవరినో సముదాయించడానికి "ఆ దొంగల్ని పోలీసులు పట్టుకుపోయారమ్మా" అన్నందుకు ఆవిడ వారం రోజులు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడింది. "లేని దొంగని నువ్వు ఉన్నాడన్నావు. ఇక ఆ పిల్ల నా మాటెందుకు నమ్ముతుందే?" అని ఒకటే సణుగుడు.

కిటికీ పక్క మంచం మీదున్న కుట్టుపని అమ్మాయి వచ్చిన రోజు సిస్టరుకి బాగా గుర్తు. బట్టల కంపెనీలో కాలర్లు కుట్టే పిల్ల. అన్నయ్యా, పక్కింటాయనా చెరో రెక్కా పట్టుకుని లాక్కొచ్చారు. పైవాటాలో ఉండే మనిషి తన భోజనంలో విషం కలుపుతున్నాడని, గోడలోంచి "తినకు, చస్తావు" అని పగలూ రాత్రీ ఎవరో చెబుతూనే ఉన్నారని ఆమె గోల. అన్నయ్య ఎదురుగా ముద్ద తిని చూపించాడట. "నువ్వూ వాళ్ళతో కలిశావన్నమాట" అందట. వాదించిన కొద్దీ ఆ నమ్మకం ఇంకా బిగుసుకుపోయింది. బిగుసుకోక ఏం చేస్తుంది?

సిస్టరు వాదించలేదు. అవునని తలూపనూ లేదు. కుర్చీ కాస్త దూరంగా వేసుకుని కూర్చుంది.

"ఆ గొంతు ఏమంటోందమ్మా?"

"తినకు అంటోంది."

"నిన్ను నువ్వు ఏమైనా చేసుకోమంటోందా? ఇంకెవరినైనా కొట్టమంటోందా?"

"లేదు. తినొద్దనే."

"సరే. అలా అంటే వెంటనే నాకు చెప్పాలి, ఏం? నీకు వినిపిస్తోందని నాకు తెలుసు. నాకు మాత్రం వినిపించడం లేదు. అంత భయం మధ్య ఎలా ఉంటున్నావో తల్లీ, ఆకలి కూడా వేస్తుండాలి."

ఆ పిల్ల మొదటిసారి తల తిప్పి చూసింది. తనకి భయంగా ఉందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. విషం ఉందా లేదా అని కొట్టుకున్నవాళ్ళే అందరూ. ఆ పూట సిస్టరు ఒలవని అరటిపండూ, విప్పని బిస్కెట్ల పొట్లమూ ఆమె చేతికే ఇచ్చింది. తానే విప్పుకుని తింది. మాత్రలు కూడా అట్ట మీంచి ఆమె కళ్ళెదుటే తీసి, దేనికో చెప్పి ఇచ్చేది. గొంతు మరీ పోరు పెట్టినప్పుడు రేడియో పెట్టేది, లేదంటే బొత్తాల డబ్బా ముందు పెట్టి రంగులవారీగా ఏరమనేది. "మళ్ళీ అంటోంది, మీకు వినిపించిందా?" అని ఆమె అడిగేది. "లేదమ్మా, నాకు వినిపించలేదు" అని ఆవిడ చెప్పేది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

నెమ్మదిగా మాత్రలు పనిచేశాయి. గోడ నోరు మూతపడింది. ఇక అంతా బాగైపోయిందని అనుకున్నారు, సిస్టరు తప్ప.

ఎందుకంటే ఆ పిల్ల ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకునే ఉంటోంది. పలకరిస్తే ఒక్క ముక్కలో జవాబు, అదీ చాలాసేపటికి. తల దువ్వుకోదు. ఎవరూ లేపకపోతే స్నానానికి లేవదు. మొహంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు. సిస్టరు పని చిన్న చిన్న ముక్కలు చేసింది. "ముందు లేచి కూర్చో. అంతే." కూర్చుంటే, "భేష్. ఇప్పుడు తువ్వాలు తీసుకో." ఇంకోసారి ఊరికే పక్కన కూర్చునేది, ఏమీ మాట్లాడకుండా. ఈ వేగంతో వెళ్తే ఏడాది పడుతుందని ఆయా వేళాకోళం చేసింది. "పట్టనీ, నీ సొమ్మేం పోయింది?" అంది సిస్టరు.

అప్పుడొచ్చాడు అన్నయ్య.

"అరుపులు తగ్గాయి కదా సిస్టరుగారూ. మరి ఈ పడకేమిటి? ఒట్టి బద్ధకం. నాటకం. పనికి పోకుండా తప్పించుకోడానికి ఇదొక ఎత్తు." అన్నాక గొంతు కాస్త తగ్గించాడు. "వచ్చి పక్కన కూర్చుంటే నా మొహం కూడా చూడదండీ. నేను బతికున్నానో లేదో దానికి పట్టదు. ఊరి చివర ఒక శరణాలయం ఉంది. శాశ్వతంగా అక్కడ చేర్పించేస్తా. మధ్యాహ్నం డాక్టరుగారితో మాట్లాడి తేల్చేస్తాను."

శాశ్వతంగా! సిస్టరుకి ఒళ్ళు మండిపోయింది. చెల్లెలి వయసెంత, పట్టుమని ముప్ఫై లేవు.

"చూడండి బాబూ" అంది, పళ్ళ బిగువున. "ఈ జబ్బు రెండు రకాలుగా కొడుతుంది. లేనివి తెచ్చిపెడుతుంది, గొంతులూ, విషం కలుపుతున్నారనే నమ్మకాలూ. అవి కనిపిస్తాయి, వినిపిస్తాయి, అందుకని జబ్బని అందరూ ఒప్పుకుంటారు. ఉన్నవి ఎత్తుకుపోతుంది కూడా. మాట, ఉత్సాహం, మొహంలో కళ, లేచి నీళ్ళు పోసుకోవాలన్న బుద్ధి. వాటికి చప్పుడుండదు. అందుకని బద్ధకం అనేస్తారు. మాత్రలు మొదటివాటి మీద పనిచేసినంత బాగా వీటి మీద పనిచెయ్యవు. మనమే ఓపిక పట్టాలి. కాలు విరిగినవాణ్ణి పరిగెత్తలేదని తిడతారా ఎక్కడైనా?"

అతను తలూపాడు. నమ్మలేదని ఆ తలూపడంలోనే తెలిసిపోతోంది. ఆవిడ మందుల బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

భోజనాల వేళ. సిస్టరు ఆ అమ్మాయి మంచం పక్కనే ఉంది. పిల్ల తానుగా ప్లేటు ఒళ్ళోకి తీసుకుని రెండు ముద్దలు తింది. ఎవరూ చెప్పకుండానే తింది! సిస్టరు లోపల లోపల పండగ చేసుకుంటోంది.

మంచాల మధ్య ఆకుపచ్చ తెర ఉంది. ఆ తెర వెనకనుంచి, సన్నగా, బొంగురుగా, ఒక గుసగుస వచ్చింది.

"తినకు. చస్తావు."

ప్లేటు నేల మీద పడింది. పిల్ల మోకాళ్ళు గుండెలకి లాక్కుని గోడకి అతుక్కుపోయింది. వణుకుతూ సిస్టరు వైపు చూసింది. రోజూ అడిగే ప్రశ్నే అడిగింది.

"మీకు వినిపించిందా?"

సిస్టరుకి వినిపించింది! స్పష్టంగా వినిపించింది. "లేదు" అంటే ఈ క్షణానికి పిల్ల నెమ్మదిస్తుందేమో, రోజూ చెప్పే మాటే కదా. ఒక్క మాటతో పోతుంది. కానీ అది అబద్ధం. ఊరికే అవునంటే గోడ మాట నిజమైపోతుంది. తెర కింద ఇందాక చూసిన అన్నయ్య చెప్పులు కనిపిస్తున్నాయి.

"వినిపించింది తల్లీ" అంది. "నాకూ వినిపించింది. అది మీ అన్నయ్య గొంతు. తెర వెనక నుంచి వచ్చింది. ఇప్పుడు తెర తీస్తాను, నువ్వే చూడు."

తెర సర్రున లాగింది. అన్నయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, మొహం పాలిపోయి. పక్కన కొత్త ఆయా, కొంగు నోట్లో కుక్కుకుని.

"నేనే చెప్పానండీ" అంది ఆయా, కొంగు తీసి. "నాటకమైతే పట్టేసుకోవచ్చని... జబ్బు తగ్గిందంటే దీనికి జంకదు, అప్పుడీ పడక ఒట్టి బద్ధకమేనని..."

"నోర్ముయ్! నువ్వు తర్వాత." సిస్టరు అన్నయ్య వైపు తిరిగింది. ఇందాకటి "మీరు" ఎటుపోయిందో! "ఏరా? ఇన్నాళ్ళూ ఆ గొంతుతో కొట్టుకుని, ఇప్పుడిప్పుడే ఒక ముద్ద తింటోంది. దాని భయాన్ని పట్టుకుని దానికే పరీక్ష పెడతావా? గోడలోంచి లేని మనిషి పిలిస్తే అది జబ్బు. తెర వెనకనుంచి తోడబుట్టినవాడు పిలిస్తే దాన్నేమనాలి? చెప్పు! సిగ్గులేదూ?"

 అతని కళ్ళు చెల్లెలి మీదే ఉన్నాయి. గోడకి అతుక్కున్న ఆ వణుకు నాటకంలా లేదు, ఏ కోణంలో చూసినా లేదు.

పిల్ల నెమ్మదిగా అడిగింది. "మరి ముందువి?"

"ముందువి నాకెప్పుడూ వినిపించలేదమ్మా. ఇదొక్కటే వినిపించింది. వినిపించింది కాబట్టే చెప్పాను. వినిపించకపోతే అదీ చెబుతాను, ఎప్పుడైనా."

పిల్ల చాలాసేపు ఆ మాటలో ఏదో వెతుక్కుంది. వణుకు తగ్గలేదు. ఆ మధ్యాహ్నం ఇంకేమీ తినలేదు. మర్నాడూ తినలేదు. విప్పని పొట్లాలూ, ఒలవని పండ్లూ మళ్ళీ మొదటినుంచీ. ఇంత కష్టపడి కట్టినది ఒక గుసగుసతో కూలిపోయిందని సిస్టరు ఆయాని తిట్టింది, డాక్టరు ముందు తిట్టింది, డాక్టరునీ రెండు మాటలు అంది, వార్డులో చుట్టాల్ని తెరల వెనక్కి వదిలే ఈ పద్ధతేమిటని. ఆయన తల వంచుకుని విన్నాడు. ఇకమీదట ఎవరొచ్చినా ముందు ఆవిడ అనుమతి తీసుకోవాలని అక్కడికక్కడే చెప్పేశాడు. అన్నయ్య డాక్టరుతో మాట్లాడి తేల్చేస్తానన్న శరణాలయం సంగతి అలాగే ఆగిపోయింది.

మూడో రోజు అన్నయ్య గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. శరణాలయం ఊసెత్తలేదు.

"లోపలికి రావచ్చా అక్కా?"

"రా. కానీ ఏం మాట్లాడొద్దు. క్షమించమనీ అనొద్దు, ఎందుకు తినవనీ అడగొద్దు. పరీక్షలు అసలే వద్దు. ఊరికే ఉండు. చేతనవుతుందా?"

"ప్రయత్నిస్తాను."

ఆవిడ వెంట వచ్చి అతను మంచం అంచున నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక చేతులు నలుపుకుంటూ. చెల్లెలు గోడవైపే తిరిగి ఉంది. పది నిమిషాలో, అరగంటో. సిస్టరుకి కాళ్ళు పీకుతున్నాయి, అయినా కదల్లేదు.

పిల్ల ఇటు తిరిగింది. మొహంలో ఏ కదలికా లేదు, గొంతులో ఎత్తూ పల్లమూ లేదు. అన్నయ్యని పైనుంచి కిందకి చూసింది.

"నిలబడే ఉన్నావేం?" అంది. "కూర్చో అన్నయ్యా. కాళ్ళు నొప్పెడతాయి."

అతను కూర్చోలేదు. అక్కడే, మంచం పట్టె పట్టుకుని, నేల మీద కూలబడిపోయి భోరుమన్నాడు.